వారానికి మూడు రోజులు సాయంత్రం నాలుగున్నరకే వెళ్లాలి: మేనేజరును ఎలా అడగాలి?

తులసికోట | ఆగస్టు 3, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పని చేస్తున్నాను. బ్రిటన్‌లోని ఒక బీమా కంపెనీకి సపోర్ట్ ఇచ్చే ఆరుగురి బృందం మాది, వాళ్లు టికెట్లుగా పంపే సమస్యలను పరిష్కరిస్తాం. పని వేళ మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 9 వరకు.

మా నాన్నగారికి రెండేళ్లుగా డయాలసిస్ జరుగుతోంది. సోమ, బుధ, శుక్రవారాలు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఇంతకాలం ఉదయం 6 గంటల స్లాట్ ఉండేది కాబట్టి ఆయన్ను ఇంట్లో దింపి తీరిగ్గా ఆఫీసుకు వెళ్లేదాన్ని. మే నెలలో ఆయన ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. తిరిగి వచ్చేసరికి ఆ స్లాట్ మరొకరికి ఇచ్చేశారు. ఇప్పుడు సాయంత్రం 6 నుంచి 10 వరకు మాత్రమే ఖాళీ ఉందట. డయాలసిస్ అయ్యాక ఆయనకు బీపీ పడిపోతుంది, ఒంటరిగా ఆటో ఎక్కించి పంపలేను.

ఆ మూడు రోజులు ఉదయం 7:30కి మొదలుపెట్టి 4:30కి బయలుదేరితే కూకట్‌పల్లిలోని సెంటర్‌కు సమయానికి చేరగలను. మంగళ, గురువారాలు మామూలు వేళే. జూన్ నుంచి సగం రోజు సెలవులతో నెట్టుకొస్తున్నాను. వారానికి ఒకటిన్నర రోజు పోతోంది. మిగిలినవి 14 రోజులు, అంటే తొమ్మిది వారాల్లో అయిపోతాయి.

మేనేజరు చెడ్డవారు కాదు. కానీ గత ఏడాది ఒకరు పని వేళ మార్చమంటే "క్లయింటు ఒప్పుకోడు" అని ఒక్క మాటతో ముగించారు. నేను ఎలా అడగాలి?

బర్మింగ్‌హామ్_బాబు | ఆగస్టు 3, మధ్యాహ్నం 1:40

ఇక్కడ బ్రిటన్‌లో దీనికి చట్టమే ఉందండి. 2024 ఏప్రిల్ 6 నుంచి ఉద్యోగంలో చేరిన మొదటి రోజునుంచే పని వేళ మార్చమని అడిగే హక్కు ఉంది. యజమాని కాదనడానికి వీల్లేదు. మీ క్లయింటు బ్రిటన్ సంస్థే కదా, ఆ చట్టాన్ని చూపిస్తూ నేరుగా హెచ్‌ఆర్‌కు రాయండి.

పాత_డెలివరీ | ఆగస్టు 3, మధ్యాహ్నం 3:05

బాబు గారూ, మీరు చెప్పిన తేదీ సరైనదే. కానీ రెండు విషయాలు సరిచేయాలి. ఆ చట్టం ఇచ్చింది అడిగే హక్కు, పొందే హక్కు కాదు. యజమాని రెండు నెలల్లోగా తేల్చాలి, కాదనే ముందు ఉద్యోగితో మాట్లాడాలి. కానీ చట్టంలో రాసి ఉన్న ఎనిమిది వ్యాపార కారణాల్లో ఏదైనా చూపి కాదనవచ్చు. రెండోది, అది అక్కడి ఉద్యోగులకు. క్లయింటు ఎక్కడివాడన్నది లెక్కలోకి రాదు. మన దగ్గర ప్రైవేటు ఉద్యోగికి అలాంటి సాధారణ హక్కు లేదు. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణలో, సెలవు ముగిశాక ఇంటి నుంచి పని చేసే వీలు గురించి ఉంది. అది కూడా ఇద్దరూ ఒప్పుకుంటేనే.

తులసికోట గారూ, నేను పద్దెనిమిదేళ్లు ఇలాంటి బృందాలను నడిపాను. "క్లయింటు ఒప్పుకోడు" అనే మాట వెనక సాధారణంగా ఉండే భయం ఒక్కటే. సాయంత్రం ఏడింటికి అత్యవసర టికెట్టు వస్తే ఎవరు తీస్తారు? దానికి మీ దగ్గర జవాబు లేకపోతే ఆ జవాబు వెతికే పని మేనేజరు మీద పడుతుంది. ఆ పని తప్పించుకోవడానికి అతి తేలికైన దారి "కుదరదు" అనడం. నేనూ అలా అన్నవాణ్నే.

కాబట్టి ముందు ఒక పని చేయండి. మీ టికెట్ల జాబితాను పది వారాలకు దించుకోండి. సోమ, బుధ, శుక్రవారాలవి మాత్రమే ఉంచండి. సాయంత్రం 4:30 తర్వాత మీ పేరున వచ్చినవి ఎన్ని, వాటిలో గంటలోపు స్పందించవలసినవి ఎన్ని, మరునాటి దాకా ఆగగలిగేవి ఎన్ని? ఆ మూడు అంకెలు చేతిలో లేకుండా ఆయన గదిలోకి వెళ్లకండి.

వెన్నెల_వి | ఆగస్టు 3, రాత్రి 8:22

నాన్నగారి విషయం మాత్రం చెప్పకండి. మా అమ్మ ఆరోగ్యం బాగోలేదని నేను చెప్పుకున్నాను. ఆ ఏడాది విదేశీ పని నాకు రావలసింది మరొకరికి వెళ్లింది. "ఇంటి పరిస్థితులు చూసి నీకు ఇబ్బంది అవుతుందని" అన్నారు. నన్ను అడగకుండానే నిర్ణయించారు. "వ్యక్తిగత కారణాలు" అంటే చాలు.

పాత_డెలివరీ | ఆగస్టు 3, రాత్రి 9:10

వెన్నెల గారూ, మీకు జరిగింది అన్యాయమే. అయినా ఈ సందర్భంలో నేను వేరేగా అనుకుంటాను. "వ్యక్తిగత కారణాలు" అంటే మేనేజరు మనసులో మొదట మెదిలేది "మరో ఉద్యోగం వెతుక్కుంటోందేమో" అన్న సందేహం. పైగా ఇక్కడ కారణంలోనే ఈమెకు బలం ఉంది. మూడు నిర్దిష్టమైన రోజులు, నిర్దిష్టమైన వేళ. ఉదయం స్లాట్ దొరికితే పాత వేళకు తిరిగి రాగలదు. వైద్య వివరాలు అక్కర్లేదు. రోజులు, వేళ, సెంటర్ వెయిటింగ్ జాబితాలో పేరు ఉందన్న సంగతి చెబితే చాలు.

వెన్నెల_వి | ఆగస్టు 3, రాత్రి 9:31

మంచి మేనేజరయితే సరే. ఎవరు ఎలాంటివారో ముందే ఎలా తెలుస్తుంది? నా మాట మీదే నేనుంటాను.

ఉక్కునగరం | ఆగస్టు 4, ఉదయం 7:50

మేనేజరును అడగడం గురించి కాబట్టి నా అనుభవం కూడా చెబుతాను. నాది పని వేళ విషయం కాదు. విశాఖలో ఒక కర్మాగారంలో నాణ్యత విభాగంలో ఉన్నాను. కొత్త కొలత యంత్రాన్ని అమల్లోకి తెచ్చే ప్రాజెక్టు నాకివ్వమని అడిగాను. అది నా స్థాయికి మించిన పని, అందుకే నేర్చుకోవాలని ఆశపడ్డాను. మేనేజరు సంతోషంగా ఒప్పుకున్నారు. రోజువారీ తనిఖీ నివేదికలు ఎవరు చేస్తారని ఆయన అనలేదు, నేనూ అడగలేదు. మూడు నెలల్లో రెండూ దెబ్బతిన్నాయి. మరుసటి ఏడాది ఇంకో ప్రాజెక్టు అడిగినప్పుడు వారానికి ఐదు గంటలు, ఆరు వారాలు అని గడువు పెట్టాను. మధ్యాహ్నం నివేదిక ఆ ఆరు వారాలు జూనియర్ చేస్తాడని, అతనికి నేనే నేర్పుతానని రాసిచ్చాను. నివేదిక రెండుసార్లు ఆలస్యమైతే ప్రాజెక్టు వదిలేస్తానని కూడా రాశాను. అది సాఫీగా సాగింది.

కృష్ణాతీరం | ఆగస్టు 4, ఉదయం 10:15

నేను అవతలి పక్షం నుంచి మాట్లాడతాను, ఎవరూ నొచ్చుకోవద్దు. మా బృందంలో ఒకరికి ఇలాగే పని వేళ మార్చారు. కారణం న్యాయమైనదే. కానీ ఆమె సాయంత్రం టికెట్లన్నీ నా మీద పడ్డాయి. నన్ను ఎవరూ అడగలేదు, కనీసం ముందుగా చెప్పలేదు. ఒక సోమవారం లాగిన్ అయితే జాబితా రెట్టింపు అయి కనిపించింది. ఆరు నెలలు నేను ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. తప్పు ఆమెది కాదని ఇప్పుడు తెలుసు. మీరు మేనేజరు కంటే ముందు, ఆ పని ఎవరి మీద పడుతుందో వారితో మాట్లాడండి. బదులుగా వారికి ఏం కావాలో అడగండి.

తులసికోట | ఆగస్టు 7, రాత్రి 11:20

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాశారు, చాలా కృతజ్ఞతలు. జాబితా దించి లెక్కపెట్టాను. మే చివరి వారం నుంచి జూలై ఆఖరు దాకా పది వారాలు, అంటే ముప్పై సాయంత్రాలు. నేను సగం రోజు సెలవు పెట్టిన రోజుల్లో సహోద్యోగి తీసినవాటిని కూడా నా లెక్కలోనే వేశాను. 4:30 తర్వాత వచ్చినవి మొత్తం 74. అందులో గంటలోపు స్పందించవలసినవి 6. నాలుగు గంటల గడువు ఉన్నవి 19. మిగిలిన 49 మరునాటి ఉదయానికి ఆగగలవు. నిజం చెప్పాలంటే నేనే ఆశ్చర్యపోయాను. అత్యవసరమైనవి వారానికి కనీసం మూడు ఉంటాయని నమ్ముతూ వచ్చాను. రాత్రిపూట వచ్చినవే మనసులో నిలిచిపోతాయేమో.

కృష్ణాతీరం గారి మాట విని, నా పక్క సీటు సహోద్యోగితో మాట్లాడాను. అతనికి మంగళ, గురువారాలు సాయంత్రం 6 నుంచి ఎంబీఏ తరగతులు ఉన్నాయట. ఇంతకాలం మొహమాటపడి అడగలేదట. ఆ రెండు సాయంత్రాలు అతని టికెట్లు నేను చూస్తాను, మిగతా మూడు అతను చూస్తాడు.

పాత_డెలివరీ | ఆగస్టు 8, ఉదయం 6:45

ఈ మార్పిడి దొరకడం మీ అదృష్టం. ఇప్పుడు మీ విన్నపం ఒక్కరికి చేసే మినహాయింపు కాదు, ఇద్దరి మధ్య ఏర్పాటు.

ఒక లోపం కనిపిస్తోంది. మీ అంకెలన్నీ వేసవివి. ఇప్పుడు మన సాయంత్రం 4:30 అంటే అక్కడ మధ్యాహ్నం 12. అక్టోబరు చివరి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు. అప్పుడు మన 4:30కి అక్కడ 11 గంటలే అవుతుంది. అంటే భోజనానికి ముందు వాళ్లు బాగా పని చేసే గంట ఒకటి, మీరు వెళ్లిపోయాక వస్తుంది. మీ మేనేజరు అనుభవజ్ఞుడైతే ఇదే అడుగుతారు. అడిగాక తడబడడం కంటే మీరే ముందు చెప్పడం మేలు. ఇప్పటి జాబితాలో 3:30 నుంచి 4:30 మధ్య వచ్చినవి కూడా లెక్కపెట్టి కలపండి. చలికాలపు అంచనా సుమారుగా తెలుస్తుంది.

రెండో మాట. ఆయన పూర్తిగా ఒప్పుకోకపోతే ఏమిటి? దానికి కూడా సిద్ధంగా వెళ్లండి.

తులసికోట | ఆగస్టు 8, రాత్రి 10:02

ఆ గంట సంగతి నాకు తట్టనే లేదు! లెక్కపెట్టాను. ఆ గంటలో 21 ఉన్నాయి, వాటిలో అత్యవసరమైనవి 2. కాబట్టి చలికాలంలో ముప్పై సాయంత్రాలకు అత్యవసరమైనవి 8 అనుకోవాలి.

ఒప్పుకోకపోతే అన్నదానికి మూడు అనుకున్నాను. మొదటిది, లాప్‌టాప్ తీసుకెళ్లి డయాలసిస్ సెంటర్ నుంచే పని చేయడం. రెండోది, మూడు రోజులకు బదులు రెండే అడగడం. మా తమ్ముడు వరంగల్‌లో ఉంటాడు, శుక్రవారం సాయంత్రానికి రాగలనన్నాడు. మూడోది, సంస్థలోనే ఉదయం వేళ ఉన్న మరో బృందానికి బదిలీ.

పాత_డెలివరీ | ఆగస్టు 9, ఉదయం 7:15

మొదటిది తీసేయండి. బీమా పాలసీదారుల వివరాలు తెర మీద పెట్టుకుని పది మంది కూర్చునే వార్డులో పని చేయడానికి మీ సంస్థ నిబంధనలు ఒప్పుకుంటాయా? ఒప్పుకోవనే అనుకుంటున్నాను. మీరు ఆ మాట అంటే మిగతా ప్రతిపాదన మీద నమ్మకం కూడా తగ్గుతుంది. అది కాక, నాన్నగారికి బీపీ పడిపోయిన క్షణంలోనే టికెట్టు వస్తే మీరు రెండింటిలో దేనికీ న్యాయం చేయలేరు. రెండోది చాలా మంచిది. మూడోది ఈ సమావేశంలో ఎత్తకండి. బదిలీ అన్న మాట వినగానే ఆయనకు మిగతాదంతా బెదిరింపులా వినిపిస్తుంది. అది మీ మనసులో ఉంచుకుని, పూర్తిగా కాదన్నాక వేరే రోజు మాట్లాడండి.

వరుస కూడా ముఖ్యమే. రెండు రోజులతో మొదలుపెట్టకండి, మీకు కావలసింది మూడు. ముందు మూడు అడిగి, ఆయన ఏ రోజు దగ్గర ఆగుతారో చూడండి.

అన్నపూర్ణ_ఎస్ | ఆగస్టు 9, ఉదయం 11:30

మా అత్తగారికి నాలుగేళ్లు డయాలసిస్ చేయించాం. సెంటర్‌లో స్లాట్లు ఎవరో ఒకరు మానేసినప్పుడే ఖాళీ అవుతాయి, ఎప్పుడవుతాయో వాళ్లూ చెప్పలేరు. కాబట్టి "రెండు నెలల్లో సర్దుకుంటుంది" అని మేనేజరుకు మాట ఇవ్వకండి. నేను అలా ఇచ్చాను. రెండు నెలలు ఐదయ్యాయి, ప్రతి నెలా క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. వెయిటింగ్ జాబితాలో పేరు ఉందని చెప్పండి, తేదీ చెప్పకండి.

బర్మింగ్‌హామ్_బాబు | ఆగస్టు 9, సాయంత్రం 5:48

పాత_డెలివరీ గారూ, హక్కు విషయం మీరు చెప్పిందే నిజం. మా హెచ్‌ఆర్ పత్రం మళ్లీ చదివాను. తులసికోట గారూ, ఇక్కడ మేము రాసే విన్నపంలో, ఈ మార్పు పని మీద ఏ ప్రభావం చూపుతుందో, దాన్ని ఎలా సర్దవచ్చో కూడా రాసుకుంటాం. చట్టం సంగతి పక్కన పెట్టినా ఆ రెండు మాటలు మీ కాగితంలో ఉంచండి.

తులసికోట | ఆగస్టు 20, రాత్రి 11:05

ఈ రోజు మాట్లాడాను. నెలాఖరు లెక్కల హడావిడి మొదలవకముందే, గురువారం మధ్యాహ్నం అరగంట ప్రత్యేకంగా అడిగి తీసుకున్నాను. ఒకే పేజీ కాగితం ముందు రోజే పంపాను. అడుగుతారని ఇక్కడే పెడుతున్నాను:

"సోమ, బుధ, శుక్రవారాలు నా పని వేళను ఉదయం 7:30 నుంచి సాయంత్రం 4:30కి మార్చమని కోరుతున్నాను. మా నాన్నగారి డయాలసిస్ ఆ రోజుల్లో సాయంత్రం 6కి మారింది. ఉదయం స్లాట్ కోసం పేరు నమోదు చేయించాము, దొరికిన వారంలోనే పాత వేళకు వస్తాను. గత పది వారాల్లో ఆ సాయంత్రాలు నాకు వచ్చిన అత్యవసర టికెట్లు 6. బ్రిటన్ గడియారం మారాక ఇవి 8 కావచ్చు. వీటిని నా సహోద్యోగి చూడడానికి అంగీకరించాడు, మంగళ, గురువారాలు అతనివి నేను చూస్తాను. నెలాఖరు చివరి రెండు పనిదినాలు, మరుసటి నెల మొదటి పనిదినం నేను రాత్రి 9 వరకు ఉంటాను, ఆ రోజుల్లో తమ్ముడు వస్తాడు. ఎనిమిది వారాలు పరీక్షగా చూడండి. అత్యవసర టికెట్టు ఒక్కటైనా గంట దాటితే వెంటనే కూర్చుని మాట్లాడుకుందాం."

మేనేజరు మొదట అడిగింది నా గురించి కాదు. "అతను నిజంగా ఒప్పుకున్నాడా, మొహమాటానికా?" అని. అతన్ని పిలిచి నా ఎదుటే అడిగారు. ఎంబీఏ సంగతి విని కాస్త బాధపడ్డారు కూడా, "నాకెందుకు చెప్పలేదు?" అని.

శుక్రవారం మాత్రం ఒప్పుకోలేదు. ఆ రోజు సాయంత్రం 5:30కి క్లయింటుతో వారాంతపు విడుదల సమీక్ష ఉంటుంది, నేనే నడుపుతాను. ఆయన మాట న్యాయమే. అప్పుడు తమ్ముడి సంగతి చెప్పి రెండు రోజులకు వచ్చాను. ఎనిమిది వారాలకు బదులు నాలుగే ఇచ్చారు. సోమవారం నుంచి మొదలు. ఒప్పుకున్నవన్నీ సాయంత్రమే మెయిల్‌లో రాసి పంపాను, "సరే" అని జవాబిచ్చారు.

వెన్నెల_వి | ఆగస్టు 21, ఉదయం 8:40

సంతోషమండి. రాత్రి షిఫ్టు భత్యం, ఇంటికి దింపే కారు సంగతి ఏమైంది?

తులసికోట | ఆగస్టు 21, ఉదయం 9:15

ఆ రెండు రోజులకు భత్యం రాదు. కారు కూడా రాత్రి దింపడానికే కాబట్టి ఉండదు, మెట్రోలో వెళ్తాను. ఇవి నేను ముందే లెక్క వేసుకుని వెళ్లాను, అందుకే అక్కడ వాదించలేదు.

వెన్నెల_వి | ఆగస్టు 21, ఉదయం 9:52

ఉదయం ఏడున్నరకే మొదలుపెట్టి అదే ఎనిమిది గంటలు పని చేస్తూ డబ్బు తగ్గడం నాకు నచ్చలేదు.

కృష్ణాతీరం | ఆగస్టు 21, ఉదయం 10:30

భత్యం రాత్రి పని చేసినందుకు ఇచ్చేది కదండీ. ఆ రెండు రాత్రులు ఆమె చేయడం లేదు. నాకది సబబుగానే ఉంది. మీ సహోద్యోగికి ఎవరైనా థాంక్స్ చెప్పారా అన్నదే నాకు ముఖ్యం.

తులసికోట | సెప్టెంబరు 20, రాత్రి 10:40

నాలుగు వారాలు అయ్యాయి, ఎలా గడిచాయో చెప్పాలి.

ఎనిమిది సాయంత్రాల్లో అత్యవసర టికెట్లు రెండు వచ్చాయి. మొదటిది సహోద్యోగి ఇరవై నిమిషాల్లో తీశాడు. రెండోది రెండో వారం బుధవారం వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం అతనికి జ్వరం వచ్చి ఇంటికి వెళ్లిపోయాడు. నాకు మెసేజ్ పెట్టాడు, కానీ అప్పటికే నేను నాన్నగారితో సెంటర్‌లో ఉన్నాను, ఫోను సంచిలో ఉంది. టికెట్టు గంటా యాభై నిమిషాలు ఎవరూ చూడలేదు. క్లయింటు ఫిర్యాదు చేశాడు.

మరునాడు మధ్యాహ్నం షిఫ్టు మొదలయ్యే దాకా ఆగలేదు. ఉదయం ఎనిమిదింటికే మేనేజరుకు ఫోను చేసి జరిగింది చెప్పాను. తప్పు ఏర్పాటులో ఉంది. ఒకరు లేకపోతే రెండోవారు ఎవరన్నది నేను రాయలేదు. రెండో పేరుగా మరో సహోద్యోగిని అడిగాను. ఆమెకు బదులుగా నెలకో శనివారం నేను ఉంటాను. ఎవరైనా సెలవు పెడితే సాయంత్రం 3 గంటల లోపు బృందం గ్రూపులో రాయాలని కూడా నిర్ణయించుకున్నాం. ఆ తర్వాత మళ్లీ జారలేదు.

పాత_డెలివరీ | సెప్టెంబరు 21, ఉదయం 6:30

రెండో పేరు గురించి నేను అడగవలసింది, మరిచిపోయాను. అది నా లోపం కూడా. మేనేజరు ఏమన్నారు?

తులసికోట | సెప్టెంబరు 21, ఉదయం 9:05

నవంబరు రెండో వారం దాకా పొడిగించారు. గడియారం మారాక రెండు వారాల అంకెలు చూసి అప్పుడు తేలుద్దామన్నారు. అప్పటికి మా షిఫ్టు కూడా మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 10కి మారుతుంది. అది ఎలా ఉంటుందో నిజంగా తెలియదు. సెంటర్‌లో ఉదయం స్లాట్ కోసం మా ముందు ఇంకా ముగ్గురు ఉన్నారు.

అన్నపూర్ణ_ఎస్ | సెప్టెంబరు 21, ఉదయం 11:20

శుక్రవారాలు తమ్ముడు ప్రతి వారం వస్తున్నారా? మా ఇంట్లో మొదట తెగింది ఆ దారమే.

తులసికోట | సెప్టెంబరు 21, మధ్యాహ్నం 12:10

నాలుగింటిలో మూడు వచ్చాడండి. రాలేని శుక్రవారం సగం రోజు సెలవు పెట్టి, సమీక్షను సహోద్యోగి చేత నడిపించాను. సెలవులు ఇంకా ఏడున్నర రోజులు ఉన్నాయి.